నాయన వాచీ బెల్టు మీద తెల్ల మచ్చలు, ఇది బూజేనా?

యలహంక_కిరణ్ · డిసెంబర్ 14, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో ఎక్కువగా వాచీ మిషన్ల గురించే మాట్లాడుకుంటారని తెలుసు. నాది బెల్టు సమస్య.

మా నాయన పీణ్యాలో ఒక వర్క్‌షాపులో టర్నర్‌గా, లేత్ మీద పని చేసేవాడు. పోయి రెండేళ్లయింది. ఆయన చేతికి ఎప్పుడూ ఒకటే వాచీ, హెచ్‌ఎంటీ జనతా. పొద్దున కాఫీ తాగుతూ కీ ఇచ్చేవాడు. ఆయన పోయాక అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెండు కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేసింది. పోయిన నెల నేను తీసి చూశాను. కీ ఇస్తే వాచీ నడిచింది. బెల్టు మాత్రం అప్పడంలా గట్టిపడిపోయి ఉంది. వంచితే బకిల్ దగ్గర సన్నగా రెండు పగుళ్లు కనిపించాయి.

ఎండిపోయింది కదా అని కొబ్బరినూనె రాశాను. మూడు రాత్రులు, మూడుసార్లు. మెత్తబడింది, రంగు బాగా ముదిరింది. చాలా సంతోషపడ్డాను. కానీ వారం నుంచి రోజూ పొద్దున లేచేసరికి బెల్టు మీద తెల్లగా, మబ్బుగా మచ్చలు. గుడ్డతో తుడిస్తే పోతాయి. మర్నాడు పొద్దున మళ్లీ హాజరు.

ఇంకో సంగతి. బకిల్ కూర్చునే చోట నల్ల మరక ఉంది. బెల్టు కొసలో ఉన్న ఆఖరి బెజ్జం చుట్టూ కూడా ఉంగరం గీసినట్టు నల్లగా ఉంది. ఎంత తుడిచినా అది పోవట్లేదు.

కొత్త బెల్టు కొనుక్కోమని మాత్రం చెప్పకండి. అది నాకూ తెలుసు.

---

వంటింటి_పద్మ · డిసెంబర్ 14, రాత్రి 11:20

తమ్ముడూ, అది బూజే. ప్లాస్టిక్ కవర్లో రెండేళ్లు మగ్గితే రాక ఏమవుతుంది? మా ఇంట్లో చెప్పులకీ ఇలాగే వస్తుంది. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు పెట్టు, చచ్చిపోతుంది. నల్ల మరకకి నిమ్మచెక్క రుద్దు. ఇత్తడి బిందెలకి ఎలా తోముతామో అలాగే. కొబ్బరినూనె రాయడం మంచి పనే, మానకు.

---

శ్రావ్య_వేళచ్చేరి · డిసెంబర్ 15, ఉదయం 8:05

నాదీ ఇదే సమస్య! మా అమ్మ హ్యాండ్‌బ్యాగ్, మెరూన్ రంగుది, చెన్నై ఉక్కకి పైన పొరంతా పొట్టులా రాలిపోతోంది. చేతికి నల్లగా అంటుతోంది. నేనూ కొబ్బరినూనె రాయనా?

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 15, ఉదయం 9:40

కిరణ్ బాబూ, ఎండలో పెట్టకు. నిమ్మకాయ జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు అదేమిటో తేల్చుకుందాం.

నేను రాణిపేటలో తోళ్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తోలు మీద తెల్లగా కనిపించేవి మూడు రకాలు. ఒకటి బూజు, రెండోది చెమట ఉప్పు, మూడోది లోపలి కొవ్వు పైకి తేలి గడ్డకట్టడం. చూడ్డానికి మూడూ ఒకలాగే ఉంటాయి, చేయాల్సిన పని మాత్రం వేరు.

ఇంట్లో హెయిర్ డ్రైయర్ ఉంటే అన్నిటికంటే తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరం నుంచి పది పదిహేను సెకన్లు ఊదు. మచ్చ కరిగి కంటి ముందే మాయమైతే కొవ్వు. అలాగే ఉండిపోతే బూజో ఉప్పో. అప్పుడు కొంచెం తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వు. ఆరగానే అదే చోట మళ్లీ తెల్లగా తేలితే ఉప్పు. బూజైతే దగ్గర్నుంచి చూస్తే సన్నటి నూగులా ఉంటుంది, ముక్కుకి మట్టివాసన కొడుతుంది.

ఇంకోటి చూసి చెప్పు. పగులు లోపల తోలు ఏ రంగులో ఉంది? గోధుమ రంగా, నీలం కలిసిన బూడిద రంగా?

శ్రావ్యమ్మా, పొట్టులా రాలేది తోలు కాదు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర వేసిన రెక్సిన్. ఆ పొర గాల్లో తేమకి విరిగిపోతుంది. నూనె రాస్తే చీర కూడా పాడవుతుంది. దానికి మందు లేదు తల్లీ.

---

శ్రావ్య_వేళచ్చేరి · డిసెంబర్ 15, ఉదయం 9:58

అయ్యో. షాపువాడు అసలు తోలని చెప్పాడట అమ్మకి 😞

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 15, రాత్రి 9:15

పాతకాపు గారూ, మాయమైంది! చెల్లి డ్రైయర్ అడిగి తీసుకుని ఊదాను. పది సెకన్లు కూడా పట్టలేదు. వెన్న కరిగినట్టు కరిగి లోపలికి ఇంకిపోయింది. నూగు లేదు, మట్టివాసన లేదు. పగులు లోపల గోధుమ రంగే.

ఒక తప్పు చేశాను. మీ పోస్టు చూసేలోపే నిన్న రాత్రి పద్మక్క చెప్పినట్టు బకిల్ దగ్గర మరక మీద నిమ్మచెక్క రుద్దేశాను. మరక నిజంగానే సగం పోయింది. కానీ ఆ చోట తోలు పాలిపోయి, ఆరాక కరకరలాడుతోంది. ఆఖరి బెజ్జం దగ్గర ముట్టుకోలేదు.

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 16, ఉదయం 7:30

అయితే నీ బెల్టుకి పట్టింది బూజు కాదు, నువ్వు రాసిన కొబ్బరినూనే.

వంటింట్లో కొబ్బరినూనె సీసా ఒకసారి చూడు. ఈ నెలలో బెంగళూరులో పొద్దున పూట పేరుకుని ఉంటుంది కదా. ఇరవై నాలుగు డిగ్రీలు దాటితేనే అది నూనె, అంతకంటే చల్లబడితే నెయ్యి. నీ బెల్టులో జరుగుతున్నదీ అదే. పగలు నీ గదిలో కరిగి ఉంటుంది, తెల్లారేసరికి పైకొచ్చి గడ్డకడుతుంది. ఏప్రిల్‌లో రాసి ఉంటే నీకు మచ్చ కనిపించేది కాదు, నూనె మాత్రం అంతే ఉండేది.

మూడుసార్లు రాయడం చాలా ఎక్కువ. తోలు అంటే అల్లుకున్న పీచు. పీచు మీద పీచు జారడానికి సన్నటి నూనె పొర ఉంటే చాలు. ఫ్యాక్టరీలో నూనెని నీళ్లలో పాలలా చిలికి ఎక్కిస్తాం, అందుకే ప్రతి పీచుకీ కొద్దికొద్దిగా అందుతుంది. చేత్తో పోస్తే పీచు మధ్య ఖాళీలన్నీ నిండిపోతాయి. తోలు మెత్తబడ్డట్టే ఉంటుంది, కానీ సాగుతుంది, దుమ్ము పట్టేస్తుంది, కొన్నాళ్లకి పాత నూనె వాసన మొదలవుతుంది.

ఇప్పుడు ఎక్కువైంది బయటికి లాగాలి. బెల్టు వాచీ నుంచి విడదీసి, పొడి ముల్తానీ మట్టి పల్చగా చల్లి, రెండు టిష్యూ పేపర్ల మధ్య పెట్టు. చలిలో నూనె కదలదు, కాబట్టి కాస్త వెచ్చగా ఉండే చోట పెట్టాలి. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వెచ్చన చాలు, చురుక్కుమనకూడదు. పొద్దున మెత్తటి బ్రష్‌తో దులిపి, రాత్రికి కొత్త పేపరు, కొత్త మట్టి. పేపరు మీద నూనె మరక రోజురోజుకీ చిన్నదవుతుంటే పని జరుగుతున్నట్టు. మొత్తం నూనె రాదు, రావాల్సిన పని కూడా లేదు.

నిమ్మకాయ పెట్టిన చోట తడిగుడ్డ రెండు మూడుసార్లు అద్ది నీడన ఆరబెట్టు. మళ్లీ పెట్టకు. నల్ల మరక సంగతి సాయంత్రం రాస్తాను, మనవడిని స్కూల్లో దింపాలి.

---

వంటింటి_పద్మ · డిసెంబర్ 16, ఉదయం 10:12

మా తాత కిర్రుచెప్పులకి జీవితాంతం ఆముదం రాశాడు. ఇరవై ఏళ్లు తొడిగాడు అవే చెప్పులు. అప్పుడు ఏ క్రీములున్నాయి? నూనె తోలుకి మంచిది కాదంటే నేను ఒప్పుకోను.

---

చిక్కపేట_చిన్నోడు · డిసెంబర్ 16, మధ్యాహ్నం 1:45

బ్రదర్, బెల్టు ఊడదీసే ముందు ఒక మాట. జనతాకి చాలావరకు 18 మిల్లీమీటర్ల పిన్ను ఉంటుంది. వాచీని మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టు. బెల్టుకీ కొమ్ముకీ మధ్య సన్న స్క్రూడ్రైవర్ దూర్చి పిన్ను భుజాన్ని లోపలికి నొక్కాలి. ఇంకో చేతి బొటనవేలు పైన అడ్డం పెట్టుకో. లేకపోతే పిన్ను ఎగిరి మంచం కిందికి పోతుంది, మా షాపులో రోజుకొకటి వెతుక్కుంటాం. పిన్ను తుప్పు పట్టి ఉంటే తిరిగి వాడకు, కొత్త జత పెట్టు. రోడ్డు మీద వాచీ జారిపడేది దాని వల్లే, బెల్టు వల్ల కాదు.

ఇంకోటి, చేతికి పెట్టుకుని కీ ఇవ్వకు. తీసి ఇవ్వు. లేకపోతే కీ పుల్ల మీద పక్క నుంచి బరువు పడుతుంది.

టైము ఎలా నడుస్తోంది? రోజుకి ఎంత తేడా?

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 16, సాయంత్రం 6:20

పద్మమ్మా, మీ తాతగారు తప్పు చేయలేదు. కిర్రుచెప్పు తోలు మందం, రోజూ బురదలో నీళ్లలో నానేది, నూనె కొట్టుకుపోయేది, మళ్లీ రాసేవారు. ఆముదం చలికి గడ్డకట్టదు కూడా. చేతికి కట్టే సన్న పట్టీ నానదు, నూనె ఎటూ పోదు. తేడా అక్కడ ఉంది.

ఇక నల్ల మరక. కిరణ్, పగులు లోపల గోధుమ రంగు అన్నావు కాబట్టి ఇది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. క్రోమ్ తోలైతే చాలావరకు లోపల నీలం బూడిద కనిపిస్తుంది. మన దక్షిణాదిలో పాత పద్ధతి తంగేడు పట్ట, చివర్లో కరక్కాయ. ఇలాంటి తోలుకి ఇనుము, తేమ రెండూ కలిసి తగిలితే నల్లబడుతుంది. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది, అంటే ఇనుప ఉప్పు, కలిపి సిరా చేసేవారు కదా, అచ్చం అదే. నీ బెల్టు మీద ఉన్నది మురికి కాదు, సిరా. అందుకే తుడిస్తే పోదు. పులుపుకి కొంత పోతుంది, మేమూ కొత్త తోలు మీద అలాంటి మరకలకి యాసిడ్ వాడేవాళ్లం. కానీ పాత తోలుకి ఆ పులుపు మంచిది కాదు, నువ్వే చూశావుగా.

బకిల్ దగ్గర నలుపు నాకు అర్థమైంది. పూత పోయి లోపలి ఇనుము చెమటకి తగిలి ఉంటుంది. ఆఖరి బెజ్జం సంగతే అర్థం కావట్లేదు. మీ నాయన ఏ బెజ్జంలో పెట్టుకునేవారు?

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 16, రాత్రి 10:30

మూడోది. సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, ఆ చోట బెల్టు మడత కూడా ఉంది. ఆఖరిది ఆరోది. అంత లావు చెయ్యి మా ఇంట్లో ఎవరికీ లేదు.

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 17, ఉదయం 7:10

అయితే బకిల్ ముల్లు ఆ బెజ్జంలోకి ఎప్పుడూ వెళ్లలేదు. కానీ అక్కడ ఇనుము చాలాకాలం కూర్చుంది, తడి కూడా ఉంది. ఉంగరంలా గుండ్రంగా ఉందంటే గుండ్రటి ఇనుమే. అమ్మగారిని అడిగి చూడు.

---

చిక్కపేట_చిన్నోడు · డిసెంబర్ 17, ఉదయం 11:02

పాతకాపు సార్ డిటెక్టివ్ అయిపోయారు 😄 ఎవరో తాళాల రింగుకి తగిలించి ఉంటారు.

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 21, రాత్రి 9:48

నాలుగు రాత్రులు ముల్తానీ మట్టి చేశాను. వెచ్చటి చోటు అంటే మా ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ ఒక్కటే. అమ్మ సీరియల్ చూస్తున్నంతసేపూ దాని మీద నాయన బెల్టు. మొదటి రాత్రి పేపరు మీద బెల్టు ఆకారం మొత్తం నూనెతో అచ్చు పడింది, బెజ్జాలతో సహా. నాలుగో రాత్రికి అక్కడక్కడ చుక్కలు. నిన్నా ఇవాళా పొద్దున మచ్చలు లేవు. రంగు మాత్రం ముదురుగానే ఉండిపోయింది.

ఒక బాధ ఉంది. బెల్టుకి ముందు ఒక వాసన ఉండేది. నాయన వర్క్‌షాపులో లేత్ చల్లబరచడానికి తెల్లగా పాలలా పారే కూలెంట్ నూనె వాసన, ఆయన చొక్కాలకి ఉండేది. అది దాదాపు పోయింది. నేను కొబ్బరినూనె రాయకపోతే మట్టి వేయాల్సిన పని ఉండేది కాదు. అమ్మకి చెప్పలేదు. తనే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి ఏమీ అనకుండా ఇచ్చేసింది.

ఆఖరి బెజ్జం సంగతి అమ్మకి తెలియదంది. ఇవాళ నాయనతో పనిచేసిన రామన్న మామ ఇంటికి వెళ్లాను. అడగ్గానే నవ్వాడు. లేత్ దగ్గర వాచీ, ఉంగరం పెట్టుకోనివ్వరట, లేత్ మీద తిరిగే ముక్కకి చిక్కుకుంటే చెయ్యే పోతుంది. అందుకని షిఫ్ట్ ఎక్కగానే నాయన వాచీ తీసి, టూల్ స్టాండ్‌కి కొట్టిన మేకుకి తగిలించేవాడట. ఆఖరి బెజ్జానికే. కూలెంట్ చిమ్మి ఆ స్టాండ్ ఎప్పుడూ తడిగానే ఉండేదన్నాడు. ఈ బెల్టు శివాజీనగర్‌లో చెప్పులు కుట్టే ఆయన దగ్గర చేయించుకున్నది, అదీ రామన్న మామే చెప్పాడు. మా చెల్లి స్కూల్లో చేరిన ఏడు, అంటే 2011.

అంటే తొమ్మిది పదేళ్లు, రోజుకి ఎనిమిది గంటలు ఆ బెల్టు మేకు మీదే ఉంది. చేతి మీద కంటే ఎక్కువసేపు.

నిమ్మకాయ అక్కడ పెట్టనందుకు బతికిపోయాను.

---

వంటింటి_పద్మ · డిసెంబర్ 21, రాత్రి 10:05

నేనే చెప్పాను నిమ్మకాయ సంగతి. ఏమనుకోకు తమ్ముడూ.

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 21, రాత్రి 10:11

అయ్యో అక్కా, అదేం లేదు. మీరు చెప్పకముందే మూడుసార్లు నూనె పోసినవాణ్ణి నేనే.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. పగుళ్లకి ఏం చేయాలి? నా చెయ్యి నాయన చెయ్యి కంటే సన్నం, మొదటి బెజ్జంలో పెట్టినా వదులే. ఇంకో బెజ్జం కొట్టించనా?

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 22, ఉదయం 8:00

పగుళ్లు అతకవు. తెగిన పీచుని ఏ క్రీమూ కలపలేదు. ఆ డబ్బాల మీద ఏం రాసినా నమ్మకు. అవి ఇంకా పెరగకుండా చూడడమే మన చేతిలో ఉంది. పెన్సిల్ మీద బెల్టు మెల్లగా వంచి, వెనక గరుకు వైపు చూడు. పగులు పై పొరలోనే ఉంటే వారానికి ఒకరోజు పెట్టుకోవచ్చు. వెనక కూడా గీత కనిపించినా, కుట్టుదారం తేలినా పెట్టుకోవడం మానెయ్. తీసేటప్పుడు బకిల్ దగ్గర వెనక్కి విరిచి లాగకు, అందరూ చేసే తప్పు అదే. పగుళ్లు మొదలయ్యేది అక్కడే.

పెట్టుకున్న రోజు రాత్రి చెమట తగిలిన వైపు పిండేసిన తడిగుడ్డతో ఒకసారి తుడిచి, నీడన ఆరనివ్వు. ప్లాస్టిక్ కవరు వద్దు, పాత నూలు పంచె ముక్కలో చుట్టు. నూనె ఇప్పట్లో అక్కర్లేదు, నీ బెల్టులో రెండేళ్లకి సరిపడా ఉంది. తర్వాత ఎప్పుడైనా బిగుసుకుంటే మైనం, లానొలిన్ ఉన్న తోలు క్రీమ్, పెసరగింజంత, వెనక వైపు.

కొత్త బెజ్జం నేనైతే కొట్టను.

---

చిక్కపేట_చిన్నోడు · డిసెంబర్ 22, మధ్యాహ్నం 2:30

నేనైతే కొడతాను సార్. వదులుగా ఉంటే వాచీ చేతి మీద తిరుగుతూ ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ మడత దగ్గర పగులు మీదే బరువు. రెండు మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో శుభ్రంగా కొడితే ఏం కాదు. మేకుతో పొడిస్తేనే చిరుగుతుంది.

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 22, సాయంత్రం 5:15

నీ మాటా నిజమే. కానీ పెట్టేది ఆదివారం ఒక్కరోజు. మొదటి బెజ్జానికీ వాచీకీ మధ్య కొత్తది కొడితే, అక్కడ కుట్టు ఎంత దూరంలో ఉందో చూడాలి. ఫోటో లేకుండా నేను చెప్పలేను.

---

శ్రావ్య_వేళచ్చేరి · డిసెంబర్ 22, రాత్రి 7:40

కిరణ్ గారూ, బెజ్జం కొట్టకండి ప్లీజ్.

అన్నట్టు అమ్మ బ్యాగ్ లోపలి జేబు నిజమైన తోలే, డ్రైయర్ పెట్టి చూశాను 😀

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 22, రాత్రి 8:02

డ్రైయర్ పరీక్ష తోలో కాదో చెప్పదమ్మా, తెల్ల మచ్చ ఏమిటో చెబుతుంది.

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 28, రాత్రి 8:55

పగులు వెనక వైపుకి రాలేదు. పిన్నులు తుప్పు పట్టి ఉన్నాయి, కొత్త జత వేయించాను. బెజ్జం ఇంకా కొట్టించలేదు. ఇవాళ ఆదివారం, మొదటి బెజ్జంలో పెట్టుకుని బజారుకెళ్లాను. నడుస్తుంటే వాచీ మణికట్టు కిందికి జారిపోతోంది, టైము చూడాలంటే చెయ్యి విదిలించాల్సి వచ్చింది. కూరగాయలాయన ఏదో దోమ అనుకున్నాడు.

ఇంటికొచ్చి తుడిచి ఆరబెట్టాను. పంచె ముక్క కోసం వెతికి వచ్చేసరికి అమ్మ దాన్ని తీసి పూజగది పక్క చెక్క కొయ్యకి తగిలించేసింది. ఆఖరి బెజ్జానికి. రామన్న మామ చెప్పింది నేను అమ్మకి చెప్పాను మరి.

చెక్క కొయ్యే కదా సార్, పర్లేదా? ఇనుము కాదు.

---

రాణిపేట_పాతకాపు · డిసెంబర్ 29, ఉదయం 7:25

పర్లేదు. కొయ్య లావు బెజ్జం కంటే తక్కువేనా, చూసుకో.

---

చిక్కపేట_చిన్నోడు · డిసెంబర్ 29, ఉదయం 11:30

టైము ఎంత తేడా అని అడిగి రెండు వారాలైంది బ్రదర్.

---

యలహంక_కిరణ్ · డిసెంబర్ 29, మధ్యాహ్నం 1:10

సారీ అన్నా. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకెళ్తోంది. అమ్మని అడిగితే ముందు నుంచీ అంతేనట.